కాటా చీటీల ఫోటో ఏఐకి పంపేముందు: ఎంత కత్తిరించాలి, ఎంతకు కుదించాలి

మే నుంచి జూలై దాకా దామలచెరువు మండీల్లో, చిత్తూరు చుట్టుపక్కల గుజ్జు ఫ్యాక్టరీల దగ్గర తోతాపురి బండ్లు వరసగా కాటా ఎక్కుతాయి. బండికొక కాటా చీటీ వస్తుంది. దాని మీద బండి నంబరు, లోడుతో ఉన్నప్పటి గ్రాస్ బరువు, ఖాళీ బండి టేర్ బరువు, రెండిటి తేడాగా నెట్ బరువు అచ్చయి ఉంటాయి. రైతుకు పట్టీ రాయడానికి ఆ నెట్ బరువే ఆధారం. సాయంత్రానికి పోగైన చీటీలన్నీ ఎక్సెల్‌లోకి ఎక్కించాలి కాబట్టి, ఫోటో తీసి ఏఐ మోడల్‌తో అంకెలు చదివించుకునే గుమాస్తాలు ఇప్పుడు ఉన్నారు. ఈ వ్యాసం వాళ్ల కోసం, అలాంటి పని చేసే మీ కోసం.

ఇందులో మామూలుగా జరిగేది ఒకటుంది. ఎనిమిది చీటీలను బల్ల మీద పరిచి ఒకే ఫోటో తీస్తారు. దాన్ని అలాగే పంపుతారు. మోడల్ ఎనిమిది వరుసల పట్టిక చక్కగా ఇస్తుంది. కానీ అందులో 6,480 కాస్తా 6,430 అవుతుంది. "అన్నా, నా ఫోన్ యాభై మెగాపిక్సెల్‌ది, ఇంకా కనపడకపోవడమేంది?" అని ఒక గుమాస్తా నన్ను అడిగాడు. అది అడగాల్సిన ప్రశ్నే. ఫోన్ అంకెను చక్కగా పట్టుకుంది. మోడల్ దాకా చేరేలోపే ఆ అంకె చిక్కిపోయింది. ఎక్కడ చిక్కిపోయిందో తెలిస్తే అదే ఫోటోతో, ఇంచుమించు అంతే ఖర్చుతో, సరైన అంకెలు రాబట్టవచ్చు. ఆ పని ఎలా చేయాలో ఈ ఎనిమిది చీటీల ఫోటోనే తీసుకుని చూద్దాం.

1. ముందు టోకెన్ల లెక్క వేయండి

మోడల్ బొమ్మను మనలా ఒక్క చూపులో చూడదు. దాన్ని చిన్న చదరాలుగా కోస్తుంది. ఒక్కో చదరంలోని రంగులను కొన్ని సంఖ్యల వరుసగా మారుస్తుంది. వాక్యంలో మాటల ముక్కలు ఎలా టోకెన్లవుతాయో, బొమ్మలో ఈ చదరాలు అలా టోకెన్లవుతాయి. ఖర్చు లెక్క వీటి మీదే పడుతుంది. 2020లో గూగుల్ పరిశోధకులు విజన్ ట్రాన్స్‌ఫార్మర్‌ను ప్రకటించినప్పుడు 224×224 పిక్సెళ్ల బొమ్మను 16×16 పిక్సెళ్ల చదరాలుగా కోశారు. అడ్డంగా 14, నిలువుగా 14, మొత్తం 196 చదరాలు. ఇప్పుడు వాడుతున్న మోడళ్లలో చదరం కొలత, వాటిని కలిపే పద్ధతి వేరువేరుగా ఉన్నా, మూల పద్ధతి ఇదే.

ఇంటి ముందు కడప బండలు పరిపించినప్పుడు ఎన్ని బండలు పడతాయన్నది స్థలం వైశాల్యాన్ని బట్టి ఉంటుంది గానీ, ఆ స్థలంలో ఏం పెట్టబోతున్నారన్న దాన్ని బట్టి ఉండదు. టోకెన్లూ అంతే. చీటీ మీది అంకె పడిన చదరానికి ఒక టోకెన్ అయితే, ఖాళీ బల్ల పడిన చదరానికీ ఒక టోకెనే. అందుకే బొమ్మ వెడల్పు, ఎత్తు రెండూ రెట్టింపైతే టోకెన్లు రెండింతలు కావు, నాలుగింతలవుతాయి. రెండు వైపులూ సగానికి తగ్గిస్తే ఖర్చు నాలుగో వంతుకు పడిపోతుంది.

లెక్క వేయడానికి ఒక సేవను తీసుకుందాం. ఆంత్రోపిక్ సంస్థ తన క్లాడ్ మోడళ్లకు ఇచ్చిన అంచనా సూత్రం ఇది:

```
టోకెన్లు ≈ వెడల్పు × ఎత్తు ÷ 750
```

అంటే ఒక టోకెన్‌కు 750 పిక్సెళ్లు, దాదాపు 27×27 పిక్సెళ్ల చదరం. ఈ 27 అనే అంకెను గుర్తుపెట్టుకోండి, మళ్లీ పనికొస్తుంది. యాభై మెగాపిక్సెళ్ల ఫోన్లు మామూలు మోడ్‌లో ఇచ్చే ఫోటో దాదాపు 4000×3000 ఉంటుంది. ఈ సూత్రంలో పెడితే 16,000 టోకెన్లు. ఒక్క ఫోటోకు అంత పడుతుందా అని కంగారు పడకండి. నిజానికి అంత పడదు. ఎందుకు పడదన్న దాంట్లోనే అంకె చిక్కిపోయే సంగతి ఉంది.

2. సేవ మీ ఫోటోను ఎంతకు కుదిస్తుందో తెలుసుకోండి

పెద్ద ఫోటో వస్తే సేవ దాన్ని లోపలికి తీసుకునేముందే కుదిస్తుంది. క్లాడ్ మోడళ్లలో చాలావాటికి పొడవు వైపు 1568 పిక్సెళ్లు దాటకూడదు, మొత్తం సుమారు 1,600 టోకెన్లకు మించకూడదు. మన 4000×3000 ఫోటో ఈ రెండు హద్దుల్లో ఇమడాలంటే దాదాపు 1268×951కి దిగాలి. ఖర్చు 1,600 టోకెన్ల దగ్గర ఆగుతుంది. మీకు బిల్లు పెరగలేదు గానీ, మీ ఫోన్ పట్టిన ప్రతి పది పిక్సెళ్లలో తొమ్మిది పోయాయి. ఏ తొమ్మిది పోవాలో మీరు చెప్పలేదు. బల్లనూ అంకెలనూ సేవ సమానంగానే కుదించింది.

కొత్త మోడళ్లలో కొన్ని ఇంతకన్నా పెద్ద బొమ్మను కుదించకుండానే తీసుకుంటాయి. వాటితో అంకె బాగానే కనపడవచ్చు, కానీ అదే ఫోటోకు టోకెన్లు ఎక్కువ పడతాయి. మోడల్ మార్చిన నెల బిల్లు ఎందుకు పెరిగిందో తెలియక తికమక పడేవాళ్లు ముందు దీన్నే చూడాలి. మీరు వాడే మోడల్ హద్దు ఎంతో దాని పత్రాల్లో ఒకసారి చూసి రాసి పెట్టుకోండి.

3. అంకె ఎత్తును పిక్సెళ్లలో కొలవండి

నా దృష్టిలో మొత్తం పనిలో ముఖ్యమైన అడుగు ఇదే, జనం ఎక్కువగా వదిలేసేదీ ఇదే. బొమ్మ ఎన్ని మెగాపిక్సెళ్లన్నది కాదు, మోడల్ ముందుకు వెళ్లేసరికి ఒక అంకె ఎన్ని పిక్సెళ్ల ఎత్తు మిగిలిందన్నదే ఫలితాన్ని తేలుస్తుంది.

కొలవడానికి స్కేలు చాలు. మన చీటీ 150 మిల్లీమీటర్ల వెడల్పు, 100 మిల్లీమీటర్ల ఎత్తు అనుకుందాం. దాని మీద అచ్చయిన అంకె ఎత్తు 2.5 మిల్లీమీటర్లు. ఎనిమిది చీటీలను మధ్యలో కాస్త సందు వదిలి మూడు వరుసల్లో పరిచారు. ఫోటోలో పడిన బల్ల భాగం 600×450 మిల్లీమీటర్లు. ఇక లెక్క సులభం.

అసలు ఫోటోలో 600 మిల్లీమీటర్లకు 4000 పిక్సెళ్లు, అంటే మిల్లీమీటరుకు 6.7 పిక్సెళ్లు. 2.5 మిల్లీమీటర్ల అంకె దాదాపు 17 పిక్సెళ్ల ఎత్తు. ఫోన్‌లో పెద్దది చేసి చూస్తే 8, 3 తేడా కంటికి స్పష్టంగా తెలుస్తుంది.

సేవ కుదించాక 600 మిల్లీమీటర్లకు 1268 పిక్సెళ్లే, అంటే మిల్లీమీటరుకు 2.1. అదే అంకె ఇప్పుడు 5 పిక్సెళ్ల ఎత్తు. అయిదు పిక్సెళ్లలో 8 ఎడమ పక్కన ఉన్న రెండు వంపులు మూసుకున్నాయా తెరుచుకున్నాయా అన్నది పట్టదు. 8, 3, 6, 0 అన్నీ ఒకే రకం మచ్చలవుతాయి. పైగా ఒక టోకెన్ చదరం 27 పిక్సెళ్లని చెప్పుకున్నాం. అయిదు పిక్సెళ్ల అంకెలైతే ఒక పూర్తి బరువు, దాని కింది వరుస, ఇంకో గీత అన్నీ ఒకే చదరంలో ఇరుక్కుంటాయి. వాటన్నిటినీ ఒక్క టోకెన్ మోయాలి. అప్పుడు మోడల్ తోచిన అంకె వేస్తుంది. ఏ అంకె మీద అనుమానం ఉందో చాలాసార్లు చెప్పదు కూడా. మీకొచ్చిన పట్టిక చూడడానికి మాత్రం నిక్షేపంలా ఉంటుంది.

అచ్చు అంకెకు నేను పెట్టుకున్న కనీస హద్దు 15 పిక్సెళ్లు. చేతిరాతకు 20కి తగ్గనివ్వను. ఇది ఏ సంస్థా ఇచ్చిన నియమం కాదు. మీ చీటీల అచ్చు మసగ్గా ఉంటే ఇంకాస్త పెంచుకోండి.

4. ముందు కత్తిరించండి, తర్వాతే కుదించండి

ఈ వరుస తారుమారు కాకూడదు. ముందు కుదించి తర్వాత కత్తిరిస్తే, పోయిన పిక్సెళ్లు తిరిగి రావు. అసలు ఫోటోలోంచే ఒక్కో చీటీని వేరు చేయాలి.

చీటీలను వరుసగా, మూడు అడ్డం మూడు నిలువు గళ్లలో పరిచి ఉంటే కంప్యూటర్‌లో ఇమేజ్‌మ్యాజిక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఒకే ఆదేశంలో కోయవచ్చు:

```
magick balla.jpg -auto-orient -crop 3x3@ +repage slip_%d.jpg
```

ఇది ఫోటోను తొమ్మిది సమాన భాగాలు చేస్తుంది. తొమ్మిదోది ఖాళీ గడి, దాన్ని తీసేయండి. ఒక్కో ముక్క 1333×1000 ఉంటుంది. `-auto-orient` ఎందుకంటే, ఫోన్ అడ్డంగా పట్టి తీసినా నిలువుగా తీసినా ఫోటో తిప్పాల్సిన దిక్కును ఫైల్‌లో ఒక గుర్తుగా మాత్రమే రాసి పెడుతుంది. ఆ గుర్తును కొన్ని సాఫ్ట్‌వేర్లు చదువుతాయి, కొన్ని చదవవు. ఈ మాట చేరిస్తే పిక్సెళ్లే సరైన దిక్కుకు తిరుగుతాయి, పక్కకు పడుకున్న చీటీ మోడల్‌కు వెళ్లదు.

ఇక్కడితో ఆగి ఎనిమిది ముక్కలూ పంపితే అంకెలు బాగానే వస్తాయి. హద్దు కోసం సేవ కాస్త కుదించినా అంకె దాదాపు 16 పిక్సెళ్లు ఉంటుంది కదా. కానీ ఒక్కో ముక్క 1,600 టోకెన్ల హద్దును తాకుతుంది. ఎనిమిదింటికి 12,800. ఒక్క ఫోటోగా పంపినప్పటికన్నా ఎనిమిదింతలు. చాలామంది ఇక్కడే "సరిగ్గా కావాలంటే ఖర్చు తప్పదు" అనుకుని ఊరుకుంటారు. అలా ఊరుకోనక్కరలేదు.

ఆ ముక్కలో ఏముందో మళ్లీ చూడండి. చీటీ చుట్టూ బల్ల ఉంది. చీటీ పైభాగంలో కాటా యజమాని పేరు, చిరునామా, దేవుడి బొమ్మ ఉన్నాయి. కింద సంతకం గీత, ఖాళీ జాగా ఉన్నాయి. మనకు కావలసినవి చీటీ నంబరు, బండి నంబరు, మూడు బరువులు. అవి ఉన్న భాగం 100×50 మిల్లీమీటర్లే అనుకుందాం. ఒకే కాటా చీటీలన్నిటిలో అది ఒకే చోట ఉంటుంది. అంత వరకే కత్తిరిస్తే అసలు ఫోటోలో అది 667×333 పిక్సెళ్లు.

ఒక ముక్కలో ఆ భాగం ఎడమ అంచు నుంచి ఎంత, పై నుంచి ఎంత దూరంలో ఉందో ఏ బొమ్మల సాఫ్ట్‌వేర్‌లోనైనా కర్సర్ పెట్టి చూసి, ఆ పిక్సెళ్ల సంఖ్యలను `-crop 667x333+ఎడమ+పై +repage` అన్న చోట పెట్టి కత్తిరించవచ్చు. చీటీలు కొంచెం అటూ ఇటూ జరిగి ఉంటాయి కాబట్టి చుట్టూ కాస్త అంచు వదలండి. వరుసగా పరచని చీటీలైతే ఆదేశాలతో తంటాలు పడకండి. ఫోన్ గ్యాలరీలో ఎడిట్‌కు వెళ్లి చేత్తో క్రాప్ చేసి, కాపీగా దాచుకోవడమే త్వరగా అవుతుంది.

5. ఇప్పుడు కుదించండి

అంకె 15 పిక్సెళ్లు ఉంటే చాలనుకున్నాం. 15ను 2.5 మిల్లీమీటర్లతో భాగిస్తే మిల్లీమీటరుకు 6 పిక్సెళ్లు. మనకు కావలసిన భాగం 100×50 మిల్లీమీటర్లు. అంటే 600×300. సూత్రంలో పెట్టండి: 1,80,000ను 750తో భాగిస్తే 240 టోకెన్లు. ఎనిమిది చీటీలకు 1,920.

మొదట ఒక్క ఫోటోగా పంపినప్పుడు 1,600. ఇప్పుడు 1,920. ఖర్చు కాస్తే పెరిగింది, అంకె ఎత్తు 5 నుంచి 15 పిక్సెళ్లకు, అంటే మూడింతలైంది. టోకెన్లను బల్ల మీద ఖర్చు చేయకుండా అంకెల మీద పెట్టడం వల్ల వచ్చిన తేడా ఇది. ఫోటో అదే, మోడల్ కూడా అదే.

అంకెల భాగం వరకే కత్తిరించిన ముక్కలన్నిటినీ ఒక ఫోల్డర్‌లో పెట్టి ఇలా కుదించవచ్చు:

```
mkdir chinna
magick mogrify -path chinna -resize "600x600>" -quality 90 *.jpg
```

ఇది అసలు ఫైళ్లను తాకదు, కుదించినవాటిని `chinna` ఫోల్డర్‌లో పెడుతుంది. పొడవు వైపు 600కు వస్తుంది, రెండో వైపు దానికి తగ్గట్టు తగ్గుతుంది. ఆ `>` గుర్తు చాలా అవసరం. అది ఉంటే 600 కన్నా పెద్దవే తగ్గుతాయి, చిన్నవి అలాగే ఉంటాయి. లేకపోతే 400 పిక్సెళ్ల ముక్క కూడా 600కు సాగుతుంది. సాగిన బొమ్మలో కొత్త వివరం ఏమీ రాదు, టోకెన్లు మాత్రం రెండింతలు దాటతాయి.

దీనికి ఒక మినహాయింపు ఉంది. ఏదో ఒక వైపు 200 పిక్సెళ్ల కన్నా తగ్గిన బొమ్మలతో మోడల్ పనితనం దెబ్బతినవచ్చని క్లాడ్ పత్రాల్లోనే ఉంది. ఒక్క నెట్ బరువు వరకే కత్తిరించిన సన్నటి ముక్క 250×60 ఉంటుంది. అలాంటిదాన్ని పంపేటప్పుడు చుట్టూ ఇంకాస్త చీటీని ఉంచి కత్తిరించడం మంచిది. పక్కన "నెట్" అన్న మాట కనపడితే ఆ అంకె దేనిదో మోడల్‌కూ తెలుస్తుంది.

6. రెండు రకాలుగా పంపి పోల్చి చూడండి

నా లెక్క నమ్మి ఊరుకోకండి. మీ చీటీతోనే పరీక్షించండి. చాట్ యాప్‌లో కాకుండా సొంత ప్రోగ్రామ్‌తో ఏపీఐ ద్వారా పంపేవాళ్లకు జవాబుతో పాటు `usage` అనే భాగం వస్తుంది, అందులో `input_tokens` ఉంటుంది. ఒకే ప్రశ్నతో ఒకే చీటీని రెండు సైజుల్లో పంపి ఆ రెండు సంఖ్యల తేడా చూడండి. ప్రశ్నకు పడే టోకెన్లు రెండిట్లోనూ ఒకటే కాబట్టి, తేడా అంతా బొమ్మదే. సూత్రం చెప్పినదానికి దగ్గరగా ఉండాలి. పెద్ద బొమ్మకు మీరనుకున్నదాని కన్నా తక్కువ పడిందంటే, సేవ దాన్ని లోపల కుదించిందని అర్థం.

చాట్ యాప్‌లో పంపేవాళ్లకు ఈ సంఖ్య కనపడదు. వాళ్లు చదివిన అంకెలను మాత్రమే పోల్చుకోగలరు.

ప్రశ్న ఎలా అడగాలన్నది కూడా ఇక్కడే చెప్పాలి. నేను ఇలా రాస్తాను: "ఈ చీటీలోని గ్రాస్, టేర్, నెట్ అంకెలను కనిపించినవి కనిపించినట్టే రాయి. లెక్క వేయవద్దు. స్పష్టంగా కనపడని అంకె చోట ప్రశ్న గుర్తు పెట్టు." లెక్క వేయవద్దని ఎందుకంటే, గ్రాస్‌లోంచి టేర్ తీసేస్తే నెట్ వస్తుందని మోడల్‌కు తెలుసు. నెట్ సరిగా కనపడనప్పుడు అది చదవకుండా, తీసివేసి రాసేయగలదు. అప్పుడు మన దగ్గరున్న ఒకే ఒక్క తనిఖీ పనికిరాకుండా పోతుంది.

ఆ తనిఖీ ఏమిటంటే, ఎక్సెల్‌లో నాలుగో గడి పెట్టి గ్రాస్‌లోంచి టేర్ తీసి, వచ్చినదాన్ని చదివిన నెట్‌తో పోల్చడమే. అసలు చీటీలో గ్రాస్ 6,480, టేర్ 2,540, నెట్ 3,940 కిలోలు అనుకోండి. మోడల్ గ్రాస్‌ను 6,430గా చదివితే తీసివేత 3,890 వస్తుంది. చదివిన నెట్ 3,940. యాభై కిలోల తేడా ఎర్రగా కనపడుతుంది. ఆ చీటీని మళ్లీ పంపాలి. కాటా చీటీ మీద ఈ తీసివేత ముందే అచ్చయి ఉండడం మన అదృష్టం. ఇలాంటి తనిఖీ లేని కాగితాల్లో, ఉదాహరణకు ఒకే ఒక్క మొత్తం రాసున్న రసీదులో, అంకె ఎత్తును ఇంకా పెంచుకోవాలి, ఒకసారి కంటితోనూ చూసుకోవాలి.

తేడా వచ్చిన చీటీలను మాత్రమే అసలు ముక్క సైజులో, కుదించకుండా పంపండి. ఎనిమిదింట్లో ఒకటి అలా వెళ్లినా ఖర్చు పెద్దగా పెరగదు. అందరికీ పెద్ద సైజు పెట్టడం కన్నా, చిన్న సైజుతో మొదలుపెట్టి తనిఖీలో తప్పినవాటికే పెంచడం తెలివైన పద్ధతి. మళ్లీ పంపినా తేడా పోకపోతే బొమ్మ సైజును వదిలేసి చీటీని చేతిలోకి తీసుకోండి. రిబ్బన్ అరిగిన ప్రింటర్, కార్బన్ కాపీ, వాన తడి, మామిడి సొన మరక లాంటివాటికి పిక్సెళ్లు మందు కాదు.

7. తప్పుదోవ పట్టించే కొన్ని సంగతులు

అన్నిటికన్నా ఎక్కువ మందిని తికమక పెట్టేది ఫైల్ బరువు. నాలుగు ఎంబీ ఫోటోను కంప్రెస్ చేసి నాలుగు వందల కేబీ చేశాం, టోకెన్లు తగ్గాయి కదా అంటారు. తగ్గలేదు. జేపెగ్ నాణ్యత తగ్గిస్తే పిక్సెళ్ల సంఖ్య మారదు, ఒక్కో పిక్సెల్‌ను గుర్తుపెట్టుకునే పద్ధతి మాత్రమే మొరటవుతుంది. 4000×3000 ఫోటో ఎంత కంప్రెస్ చేసినా 4000×3000గానే వెళ్తుంది. అప్‌లోడ్ త్వరగా అవుతుంది, అంతే. పైగా నాణ్యత మరీ తగ్గిస్తే అంకెల అంచుల చుట్టూ బూడిద రంగు మరకలు పుడతాయి. సన్నటి అచ్చుకు అవి హాని చేస్తాయి. పిక్సెళ్లు తగ్గించండి, నాణ్యత 85, 90 దగ్గర ఉంచండి.

వాట్సాప్ సంగతి కూడా అలాంటిదే. రైతులు చీటీ ఫోటో వాట్సాప్‌లో పంపినప్పుడు, మామూలు నాణ్యతలో అది మీకు చేరకముందే కుదించుకుపోతుంది. ఒక్క చీటీ ఫ్రేమ్ నిండా ఉన్న ఫోటో అయితే అది చాలు, ఏ ఇబ్బందీ లేదు. బల్ల మీద ఎనిమిది పరిచి తీసినదైతే మాత్రం మీరు కత్తిరించడానికి అందులో పిక్సెళ్లు మిగలవు. "డాక్యుమెంట్‌గా పంపన్నా" అని చెప్పండి. అలా పంపితే అసలు ఫైల్ వస్తుంది.

ఇంక యాభై మెగాపిక్సెళ్ల మోడ్. ఫోన్‌లో దాన్ని ఆన్ చేసి తీస్తే కొన్ని ఫోన్లలో 8160×6120 ఫోటో వస్తుంది. క్లాడ్ ఏపీఐ ఒక వైపు 8000 దాటిన బొమ్మను కుదించదు, నేరుగా తిరస్కరిస్తుంది. అంటే పెద్ద మోడ్‌లో తీసినందుకు జవాబే రాకుండా పోతుంది. బల్ల నిండా చీటీలు పరిచి, వాటిని తర్వాత మీరే కోయబోతున్నప్పుడు ఆ మోడ్ మంచిదే. నేరుగా పంపడానికి పనికిరాదు.

విడివిడి ఫోటోలను ఒక యాప్‌తో కొలాజ్ చేసి ఒకటిగా పంపితే ఖర్చు తగ్గుతుందని కొందరు అంటారు. నిజంగానే తగ్గుతుంది. ఎందుకు తగ్గుతుందో రెండో అడుగులో చూశాం. ఎనిమిది చీటీలు మళ్లీ ఒకే 1,600 టోకెన్ల కింద ఇరుక్కుంటాయి. కొలాజ్ చేయాలనుకుంటే బల్ల, చిరునామా తీసేసిన 600×300 ముక్కలను ఒకదాని కింద ఒకటి నాలుగు పేర్చండి. 600×1200 అవుతుంది, హద్దులోపలే ఉంటుంది, సేవ కుదించదు. అయిదు కూడా ఇముడుతాయి. 600×1500 అంటే 1,200 టోకెన్లు, పొడవు 1568 లోపే. ఆరోది చేర్చితే పొడవు 1800 అయి హద్దు దాటుతుంది, అన్ని అంకెలూ కలిసి చిక్కుతాయి.

8. వేరే సేవ వాడుతుంటే

ఈ లెక్కలన్నీ ఒక సేవ సూత్రం మీద వేసినవి. ఓపెన్ఏఐ జీపీటీ-4ఓ వేరే దారిలో లెక్కిస్తుంది. పెద్ద బొమ్మను ముందు 2048×2048లో ఇమిడేలా, తర్వాత చిన్న వైపు 768 అయ్యేలా కుదించి, 512×512 పలకలుగా కోస్తుంది. పలకకు 170 టోకెన్లు, పైన ఒక 85. మన బల్ల ఫోటో అందులో 1024×768 అవుతుంది, నాలుగు పలకలు, 765 టోకెన్లు. అంకె 4 పిక్సెళ్ల చిల్లర. క్లాడ్ కన్నా తక్కువ టోకెన్లు పడ్డాయి, అంకె అంతకన్నా చిన్నదైంది. పలకల పద్ధతిలో అంచు ముఖ్యం. కుదించాక వెడల్పు 1024 బదులు 1030 వస్తే, ఆ ఆరు పిక్సెళ్ల కోసం ఇంకో నిలువు వరుస పలకలు పడతాయి. అలాంటి సేవకు కత్తిరించేటప్పుడు బొమ్మ ఆకారాన్ని కాస్త అటూ ఇటూ సర్దితే ఒకటి రెండు పలకలు మిగులుతాయి. అదే సేవలో `detail` అనే అమరికను `low` అని పెడితే బొమ్మ ఎంతదైనా 85 టోకెన్లే. బండి మీద ఉన్నది తోతాపురా, నీలమా అని అడగడానికి అది సరిపోవచ్చు. కాటా చీటీకి మాత్రం వాడకండి.

ఏ సేవ అయినా ఒక సంగతి ఉమ్మడిగా ఉంటుంది. ఒకే సంభాషణలో చీటీ ఫోటోలు పంపి, తర్వాత ఒకదాని వెంట ఒకటి ప్రశ్నలు అడుగుతూ పోతే, ప్రతి ప్రశ్నతోనూ పాత ఫోటోలన్నీ మోడల్ ముందుకు మళ్లీ వెళ్తాయి, వాటి టోకెన్లు మళ్లీ లెక్కలోకి వస్తాయి. కుదించని ఎనిమిది ముక్కలు పంపి పది ప్రశ్నలు అడిగితే 12,800 అన్నది పది సార్లు వస్తుంది. కాబట్టి ఒక విడత చీటీలు చదివించి, అంకెలు ఎక్సెల్‌లో పడ్డాక ఆ సంభాషణను అక్కడితో వదిలేసి, తర్వాతి విడతకు కొత్తది మొదలుపెట్టండి. మొత్తం టన్నులెన్ని, ఏ రైతుకు ఎంత అన్న కూడికలు ఎక్సెల్‌లోనే చేసుకోండి, వాటికి ఫోటో అక్కరలేదు.